నాన్న ఫోన్ ఎత్తగానే అమ్మకి ఇచ్చేస్తున్నారు. కోపమా?

రాత్రిషిఫ్టు
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాసింది లేదు. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నేను విదేశంలో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నకి 74, అమ్మకి 69. అక్క వాళ్లకి దగ్గర్లోనే ఉంటుంది. నాన్న ఒకప్పుడు ఫోన్ పట్టుకుంటే వదిలేవారు కాదు. ఆయన ఆఫీసులో ఎవరు రిటైరయ్యారు, పేపర్లో ఏం రాశారు, మా బాస్ ఎలాంటివాడు, అన్నీ కావాలి. ఏడాదిగా మనిషి మారిపోయారు. "ఆ, బాగున్నావా? ఇదిగో అమ్మతో మాట్లాడు" అని ఫోన్ దాటించేస్తారు. పట్టుబట్టి ఏదైనా అడిగితే పొంతన లేని జవాబు వస్తుంది. మొన్న "బీపీ చూపించుకున్నారా?" అంటే "ఆ, పడుకున్నా, ఇప్పుడే లేచా" అన్నారు.

రెండేళ్ల కిందట ఆయనకి హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు సెలవు దొరక్క నేను వెళ్లలేకపోయాను. అది మనసులో పెట్టుకున్నారేమో అని నా అనుమానం. అక్కనడిగితే "ఇంట్లో బాగానే ఉన్నారు, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావ్" అంటుంది. ఫోన్ పెట్టేశాక గంటసేపు ఏ పనీ తోచదు. ఉద్యోగం మానేసి వెళ్లిపోదామా అన్నంత వరకూ వచ్చింది. ఆయన మనసులో ఏముందో ఇంత దూరం నుంచి ఎలా తెలుసుకోవాలి?

కుండబద్దలు
ఇందులో అడగడానికేముంది? కోపమే. ఉండదా మరి? ఆపరేషన్ బల్ల మీద ఉన్నప్పుడు కొడుకు పక్కన లేడు. ఎన్ని వీడియో కాల్స్ చేసినా ఆ లోటు తీరదు. నేనూ పదేళ్లు బయట ఉండి వచ్చినవాణ్నే. జీతం తగ్గింది, ఎవరూ చచ్చిపోలేదు. వచ్చేయండి.

ఎగిరేపక్షి
మీ నాన్నగారికి 74 కదా, ఆ వయసు దాటితే మెడికల్ ఇన్సూరెన్స్ ఇవ్వడానికి కంపెనీలు తెగ సతాయిస్తాయి. పిలిపించుకోవాలనుకుంటే ఇప్పుడే ఆ పని చూడండి. మా అత్తగారి విషయంలో ముందునుంచీ ఉన్న జబ్బులేవీ కవర్ చేయమన్నారు. చిన్న అక్షరాల్లో రాసింది కూడా చదవాలి.

రాత్రిషిఫ్టు
@ఎగిరేపక్షి, థాంక్స్ అండీ. కానీ పిలిపించుకోవడం గురించి కాదు నేనడుగుతున్నది. ఆయన నాతో ఎందుకు మాట్లాడటం లేదన్నదే నా బాధ.
@కుండబద్దలు, మీరన్నదే నా భయం కూడా.

శబ్దలిపి
రాత్రిషిఫ్టు గారూ, రాజీనామా లెటర్ కాసేపు పక్కన పెట్టండి. నేను ఆడియాలజిస్ట్‌ని, పెద్దవాళ్ల చెవులు పరీక్షించడమే రోజూ నా పని. మీ పోస్టులో నన్ను ఆపింది ఆ బీపీ మాట. "చూపించుకున్నారా" అన్నదానికి "పడుకున్నా" అని జవాబిచ్చారు. చివర "కున్నారా" అన్నది అందింది, ముందున్నది అందలేదు. మిగతాది ఊహించి, తడుముకోకుండా చెప్పేశారు. కోపమున్న మనిషి ముక్తసరిగా మాట్లాడతాడు గానీ అడగని ప్రశ్నకి జవాబు చెప్పడు.

కొన్ని అడుగుతాను. వీడియో కాల్‌లో మీరు ఏదైనా అడిగితే జవాబు చెప్పేముందు అమ్మ వైపు చూస్తారా? టీవీ సౌండ్ పెరిగిందా? మీ పిల్లలు మాట్లాడితే అర్థమవుతుందా, మీకంటే కష్టపడతారా? ఎదురుగా కూర్చుని ఒక్కరే మాట్లాడితే మామూలుగా ఉండి, నలుగురూ ఉన్నప్పుడు లేచి వెళ్లిపోతారా?

రాత్రిషిఫ్టు
మీ పోస్టు చదివి అక్కకి ఫోన్ చేశాను. టీవీ గురించి అమ్మ ఎప్పట్నుంచో గొడవపడుతోందట. మా పాప మాట్లాడితే నవ్వుతారు, తల ఊపుతారు, అంతే. అమ్మ వైపు చూడటం నిజమే. అమ్మ "వాడు ఫలానాది అడుగుతున్నాడు" అని మళ్లీ చెబుతుంది, అప్పుడు సరిగ్గానే చెబుతారు. ఇది ఎన్నిసార్లు చూశానో, అలవాటైపోయి అసలు పట్టించుకోలేదు. కానీ అక్క ఒకటి అంటోంది: "వంటింట్లోంచి పిలిస్తే పలుకుతారు కదా, చెవుడేంటి?"

శబ్దలిపి
అందరూ అనేది అదే. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేది సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు. బరువైన శబ్దాలు చాలాకాలం బాగానే వినిపిస్తాయి. మాటల్లో అచ్చులు బరువుగా ఉంటాయి కాబట్టి ఎవరో పిలిచారని తెలుస్తుంది. స, ష, చ, త, క, ప లాంటివి సన్నగా, క్షణంలో దాటిపోతాయి. "కట్టు", "పట్టు", "తట్టు" అని వరసగా అని చూడండి. మొదటి హల్లు తీసేస్తే మిగిలేది ఒకటే. మీ నాన్నగారికి మాట వినబడుతుంది, ఏ మాటో తెలియదు. అందుకే "నాకు బాగానే వినిపిస్తుంది, మీరే గొణుగుతారు" అంటారు. ఆయన వైపు నుంచి చూస్తే అది అబద్ధం కాదు.

దీనికి తోడు ఫోన్. మామూలు ఫోన్ లైన్ దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే శబ్దాన్ని మోస్తుంది. "స" లాంటి శబ్దంలో ముఖ్యమైన భాగం అంతకంటే పైనే ఉంటుంది. మనకీ అది ఫోన్‌లో సరిగా అందదు, మనం ఊహించి పూరించుకుంటాం. అసలే చెవి తగ్గినవాళ్లకి ఆ ఊహకి కావలసిన సరుకు కూడా మిగలదు. పైగా ఫోన్‌లో పెదవులు కనబడవు. ఎదురుగా ఉన్న అక్కతో మామూలుగా ఉండి, మీతో మాత్రం మాట్లాడలేకపోవడం అందుకే అయ్యుండొచ్చు. పోస్టు చదివి నేను రోగనిర్ధారణ చేయను, పరీక్ష చేయించండి. 60 దాటినవాళ్లలో 65 శాతానికి పైగా ఎంతో కొంత వినికిడి లోపం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదికలో చెప్పింది. కాబట్టి మొదట అనుమానించాల్సింది దీన్నే.

వీకెండ్‌కాల్
మా మామయ్యకీ ఇదే. సింపుల్ సొల్యూషన్: గట్టిగా మాట్లాడండి, ఆన్‌లైన్‌లో ఒక చెవి మిషన్ కొని పంపించండి. నేను అలాగే పంపించాను, రెండ్రోజుల్లో చేరింది.

శబ్దలిపి
ఇప్పుడు పెట్టుకుంటున్నారా?

వీకెండ్‌కాల్
డ్రాయర్‌లో ఉందట. "గోల పెడుతోంది" అన్నారు. పెద్దవాళ్లకి కొత్త వస్తువంటే పడదు కదా.

శబ్దలిపి
వస్తువు తప్పు కాదు, మామయ్యగారి తప్పూ కాదు. అన్ని శబ్దాల్నీ ఒకే మోతాదులో పెంచితే ఆయనకి ముందే బాగా వినిపించే ఫ్యాన్, గిన్నెలు, తలుపులు చెవిలో మోగుతాయి. కావలసిన "స" మాత్రం ఇంకా చాలదు. ఏ స్థాయిలో ఎంత తగ్గిందో కొలిచి, అక్కడ అంతే పెంచేలా మిషన్‌ని సెట్ చేయాలి. గట్టిగా అరవడం కూడా అంతే. అరిచినప్పుడు పెరిగేది అచ్చులే. సగం అక్షరాలు చెరిగిపోయిన కాగితాన్ని పెద్ద సైజులో జిరాక్స్ తీస్తే ఉన్నవి పెద్దవవుతాయి, పోయినవి తిరిగి రావు. పైగా ఈ చెవులకి చిన్న శబ్దం అందదు, పెద్దది ఇట్టే భరించలేనంత అవుతుంది. అరిస్తే "ఎందుకలా అరుస్తావ్" అంటారు, మామూలుగా మాట్లాడితే "ఏంటీ" అంటారు. ఇంట్లో తగువులు ఇక్కడే మొదలవుతాయి.

రాత్రిషిఫ్టు గారూ, పరీక్షకి వెళ్లేలోపు మీ వైపు నుంచి చేయగలిగినవి ఉన్నాయి. మామూలు కాల్ మానేసి ఇంటర్నెట్ వీడియో కాల్ చేయండి, అది ఇంకాస్త వెడల్పుగా శబ్దాన్ని మోస్తుంది. వెలుగు మీ ముఖం మీద పడేలా కూర్చోండి. వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా కనిపిస్తుంది, పెదవులు తెలియవు. నడుస్తూ, కారు నడుపుతూ స్పీకర్‌లో మాట్లాడొద్దు. మైక్ నోటి దగ్గర ఉండాలి. అరవకుండా కాస్త నిదానంగా, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకుంటూ మాట్లాడండి. ఏ విషయమో ముందు చెప్పండి: "నాన్నా, బీపీ గురించి అడుగుతున్నా." విషయం తెలిస్తే మిగతాది ఆయన పట్టుకుంటారు. అర్థం కాకపోతే అదే మాట మూడుసార్లు అనకుండా మాట మార్చి చెప్పండి. వాళ్ల వైపు టీవీ ఆపించి, చెవుల్ని పూర్తిగా మూసే పెద్ద హెడ్‌ఫోన్ ఒకటి పెట్టించి చూడండి. దాంతో తేడా కనిపిస్తే సగం జవాబు దొరికినట్టే.

నీలిగడియారం
భయపెట్టాలని కాదు గానీ, మా అమ్మ కూడా ఇలాగే పొంతన లేకుండా మాట్లాడేది. మేం చెవి అనుకున్నాం. చివరికి మతిమరుపు జబ్బు అని తేలింది. దాన్ని కూడా చూడాలేమో.

శబ్దలిపి
మంచి మాట చెప్పారు. రెండూ ఉండొచ్చు కూడా. ఇంట్లో ఒక చిన్న పని చేయొచ్చు. ఆయన పొరపడిన ప్రశ్ననే పెద్ద అక్షరాల్లో రాసి చూపించండి. రాతకి సరైన జవాబు వస్తూ మాటకి రాకపోతే అనుమానం చెవి మీదకి మళ్లుతుంది. రాసినా తికమకపడితే, చెప్పిందే మళ్లీ చెబుతుంటే, అలవాటైన పనులు చేయడంలో తడబడుతుంటే డాక్టర్‌కి చెప్పండి. ఇది పరీక్ష కాదు, డాక్టర్ దగ్గర ఏం చెప్పాలో తెలుసుకోవడానికి. ఇంకోటి, జ్ఞాపకశక్తి పరీక్షలో ప్రశ్నలు నోటితో అడుగుతారు. వినబడనివాళ్లకి మార్కులు అన్యాయంగా తగ్గుతాయి. ముందు చెవి సంగతి చూసుకోవడం నయం.

పెద్దకూతురు
ఇంతసేపూ చదివాను. ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. పరీక్ష, మిషన్, సెట్టింగు, హెడ్‌ఫోన్, రాసి చూపించడం, ఇవన్నీ ఎవరు చేయాలి? రాత్రిషిఫ్టు గారి అక్క. నేను కూడా అమ్మానాన్నల పక్కన ఉండిపోయిన కూతుర్నే. తమ్ముడు బయట ఉన్నాడు. వాడికి గిల్ట్ వచ్చిన ప్రతిసారీ నాకో పని పడుతుంది. రాత్రి ఏదో వీడియో చూస్తాడు, పొద్దున లేచేసరికి నా ఫోన్‌లో "అక్కా, నాన్నకి ఈ టెస్టు చేయించు" అని ఉంటుంది. వాడికి ఆ రాత్రి నిద్ర పడుతుంది, నాకు ఒక సెలవు ఖర్చవుతుంది. అమ్మేమో వాడు ఫోన్ చేస్తే ముఖం వెలిగిపోతూ "నా బంగారం" అంటుంది. రోజూ కనిపించే నన్ను "మళ్లీ ఆలస్యంగా వచ్చావేం" అంటుంది.

తమ్ముడు చెడ్డవాడు కాదు. కానీ దూరంగా ఉన్న బాధ ఒక రకం, దగ్గర ఉన్న అలసట ఇంకో రకం. మొదటిదాని గురించే అందరూ మాట్లాడతారు.

కుండబద్దలు
@పెద్దకూతురు, అందుకే కదా నేను వచ్చేయమంటున్నది!

పెద్దకూతురు
@కుండబద్దలు గారూ, మా తమ్ముడు వచ్చేస్తే ఇంట్లో జరగబోయేది నాకు తెలుసు. మొదటి నెల పండగ. తర్వాత వాడికి ఉద్యోగం దొరకలేదని అమ్మకి దిగులు. ఆ దిగులు కూడా నేనే వినాలి. రావడం, రాకపోవడం ఎవరి లెక్క వాళ్లది. నేనడిగేది, ఉన్నచోటి నుంచి ఏ పని పూర్తిగా నెత్తినేసుకుంటారని. సలహా ఇవ్వడం పని కాదు.

రాత్రిషిఫ్టు
మీ పోస్టు అక్కకి పంపాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోన్ చేసి, "చెవి సంగతి నేను చూస్తాలే, ఆసుపత్రి నాకు దగ్గరే. నువ్వు ఆ ఇన్సూరెన్స్ కాగితాలు, కరెంటు బిల్లులు, నాన్న పెన్షన్ తాలూకు ఆన్‌లైన్ పనులు తీసుకో. ఆదివారాలన్నీ వాటికే పోతున్నాయి" అంది. ఇంత ఉందని నాకు తెలియదు. లాగిన్ వివరాలన్నీ రాసిచ్చింది, ఏది ఏ తేదీలోపు కట్టాలో కూడా. ఇప్పుడవి నావి. మందులు అయిపోకముందే మళ్లీ ఆర్డర్ పెట్టే పని కూడా తీసుకున్నాను. తేదీలు నా క్యాలెండర్‌లో ఉన్నాయి.

ఇక నాన్న సంగతి. ముందు ఈఎన్‌టీ డాక్టర్ చూశారు. కుడి చెవిలో గుబిలి గట్టిపడి పూర్తిగా మూసుకుపోయిందట, తీశారు. నాన్న ఫోన్ పట్టుకునేది ఆ చెవికే! తర్వాత సౌండ్ రాని గదిలో కూర్చోబెట్టి, ఏ స్థాయి శబ్దం ఎంత గట్టిగా ఉంటే వినబడుతుందో గీతగా చూపే ఆడియోగ్రామ్ తీశారు. అక్క ఫొటో పంపింది. రెండు చెవులకీ గీత ఎడమవైపు 25 దగ్గర మొదలై, 1,000 హెర్ట్జ్ దాటాక జారిపోయి, 4,000 దగ్గర 65 డెసిబెల్స్‌కి పడింది. గుబిలితోనే అంతా సరిపోతుందని ఆశపడ్డాను.

శబ్దలిపి
గుబిలి తీయించాకే పరీక్ష చేశారు, సరైన పద్ధతి. లేకపోతే గీత ఇంకా కిందికి కనిపించేది. ఆ గీత ఆకారం నేను చెప్పిన కథే చెబుతోంది. 20 డెసిబెల్స్ కంటే తక్కువ శబ్దం కూడా వినగలిగితే మామూలు చెవి అంటాం. గీతలో ఎడమవైపున్న బరువు శబ్దాలు దాదాపు అక్కడే ఉన్నాయి కాబట్టి వంటింట్లోంచి పిలిస్తే పలుకుతారు. 4,000 దగ్గర 65 అంటే హల్లులు గల్లంతే. రెండు చెవులూ ఒకేలా ఉండటం మంచిదే. ఒకే చెవి బాగా తగ్గితే కారణం వెతకాలి. అన్నట్టు, ఇది చదివే మిగతావాళ్లకి కూడా చెబుతున్నా: ఒక చెవి ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా తగ్గితే "వయసులే" అనుకోవద్దు. వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి, రోజులు గడిచేకొద్దీ వైద్యం పనిచేసే అవకాశం తగ్గిపోతుంది.

మిషన్ పెట్టుకుంటారా?

రాత్రిషిఫ్టు
ససేమిరా అన్నారు. "ముసలాడినయ్యానని చాటింపు వేయాలా?" అన్నారట. మిషన్ పెట్టుకోకపోతే మతిమరుపు వస్తుందని ఎక్కడో చదివాను, అది చెప్పి భయపెట్టమంటారా?

శబ్దలిపి
వద్దు. వినికిడి లోపం ఉన్నవాళ్లలో మతిమరుపు ముప్పు ఎక్కువన్నది చాలా పరిశోధనల్లో కనిపించింది. మిషన్ పెట్టుకుంటే అది ఆగుతుందా అన్నది ఇంకా తేలలేదు. 2023లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో మూడేళ్ల తర్వాత ఆలోచన, జ్ఞాపకశక్తి తగ్గే వేగంలో మొత్తం మీద తేడా కనబడలేదు, ముప్పు ముందే ఎక్కువున్నవాళ్లలో మాత్రం ఉపయోగం కనిపించింది. భయపెట్టి పెట్టిస్తే అది డ్రాయర్‌లోకే వెళుతుంది. ఆయనకి ఏది వినాలనుందో అడగండి. చాలామంది ఆసుపత్రి కోసం పెట్టుకోరు, మనవరాలి కోసం పెట్టుకుంటారు. కొనకముందు కొన్నాళ్లు ట్రయల్ ఇస్తారేమో కనుక్కోండి. మొదటి వారాల్లో తన గొంతే తనకి వింతగా ఉంటుంది, పేపర్ మడత పెట్టినా చిరాకేస్తుంది. రోజుకి కొద్ది గంటలు, ఇంట్లో, ప్రశాంతంగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. సెట్టింగు సరిచేయించుకోవడానికి మళ్లీ వెళ్లాల్సి ఉంటుంది, ఒక్కసారితో కుదరదు. ఏ సందర్భంలో ఏ మాట అందలేదో మీరు కాల్ తర్వాత రాసి అక్కకి పంపితే, అది ఆడియాలజిస్ట్‌కి బాగా పనికొస్తుంది.

రాత్రిషిఫ్టు
మిషన్ ఇంకా పెండింగే. ఈలోగా ఒక పని చేశాను. వినబడకపోతేనేం, చదవగలరు కదా అని, ఫోన్‌లో అక్షరాల సైజు పెంచమని అక్కకి చెప్పి, రోజూ రాత్రి నాన్నకి పెద్ద మెసేజ్ రాస్తున్నాను. బాస్ గురించి, మా పాప స్కూల్ గురించి, ఆఫీసు రాజకీయాల గురించి. ఆయన టైప్ చేయరు. కాగితం మీద రాసి అమ్మతో ఫొటో తీయించి పంపుతున్నారు. మొదటిది రెండు లైన్లు. నిన్నటిది కాగితానికి రెండు వైపులా ఉంది, మా బాస్‌ని ఎలా లొంగదీసుకోవాలో పాయింట్ల వారీగా! వీడియో కాల్‌లో కూడా హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇదివరకటికంటే ఎక్కువసేపు కూర్చుంటున్నారు, అమ్మ వైపు చూడటం తగ్గింది.

ధైర్యం చేసి ఆపరేషన్ సంగతి కూడా రాశాను, నేను రానందుకు బాధపడ్డారా అని. "నువ్వు వచ్చి ఏం చేస్తావు, కోసేది డాక్టరు. ఆ బిల్లు ఇన్సూరెన్స్ వాళ్లు ఇంకా పూర్తిగా ఇవ్వలేదు, అది చూడు" అని రాశారు. బాధపడ్డారో లేదో ఇప్పటికీ అర్థం కాలేదు.

కుండబద్దలు
బాధపడ్డారు. అందుకే మాట మార్చారు. చెవి వేరు, అది వేరు.

పెద్దకూతురు
అయ్యుండొచ్చు. కాకపోనూ వచ్చు. బిల్లు సంగతి మాత్రం నిజంగానే అడిగారు, అది చూడండి ముందు.

వీకెండ్‌కాల్
@శబ్దలిపి, మామయ్యని మళ్లీ పరీక్షకి పంపించాం. ఈసారి సెట్ చేసిన మిషన్, చెవి వెనక పెట్టుకునేది. ఇంట్లో బాగుందంటున్నారు. కానీ నేను ఫోన్ చేస్తే మాత్రం తీసేసి మాట్లాడుతున్నారు. ఫోన్ చెవికి ఆనించగానే కీచుమంటోందట. మిషన్ చెడిపోయిందా?

శబ్దలిపి
చెడిపోలేదు. ఫోన్ దగ్గరికి తేగానే మిషన్ శబ్దం దానికే తిరిగి తగిలి అలా కూస్తుంది. చెవి వెనక పెట్టుకునే రకానికి మైక్ పైన, చెవి అంచు దగ్గర ఉంటుంది, రంధ్రంలో కాదు. కాబట్టి ఫోన్‌ని రంధ్రానికి అదమకుండా కాస్త పైకి జరిపి, మైక్ దగ్గర, వేలెడు దూరంలో పట్టుకోమనండి. అలవాటు కాకపోతే స్పీకర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టుకోవచ్చు. బ్లూటూత్ ఉన్న మిషన్ అయితే మీ గొంతు నేరుగా రెండు చెవుల్లోకీ వెళుతుంది, అది కలపడం ఆడియాలజిస్ట్ చేసిపెడతారు. ఫోన్ లేనప్పుడు కూడా కూస్తుంటే చెవిలో పెట్టుకునే భాగం సరిగా కూర్చోలేదో, గుబిలి చేరిందో చూపించండి.

వీకెండ్‌కాల్
సరే, రేపు మామయ్యతో అలా పట్టుకోమని చెప్పి చూస్తా. బ్లూటూత్ ఉందో లేదో డబ్బా మీద చూడాలి.